వాన లెక్కలో కరువు లేదు, చేనులో ఉంది: అనంతపురం వేరుశనగ సంగతి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఈసారి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా మండలంలో వర్షపాతం "సాధారణం" అని రాశారు. మా నాన్న ఐదెకరాల్లో వేరుశనగ వేస్తే ఎకరాకు రెండు బస్తాలు కూడా రాలేదు. పక్కూళ్లో చెరువు మాత్రం నిండింది. ఇది కరువు కిందకు వస్తుందా, రాదా? కరువుల్లో రకాలు ఉంటాయంటారు, అవేంటో అర్థమయ్యేలా చెప్పండి. వచ్చే ఏడు కూడా వేరుశనగే వేయాలా?

సమాధానం:

వ్యవసాయ శాఖలో చాలాకాలం పనిచేసి, ఎక్కువ రోజులు మీ జిల్లాలోనే ఉన్నవాణ్ణి. మీ నాన్నగారి చేనుకు వచ్చింది కరువే. వాన లెక్క రాసినవాళ్లు కూడా అబద్ధం రాయలేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే, రకాల సంగతి దానంతటదే తెలుస్తుంది.

ముందు ఆ "సాధారణం" అనే మాట చూద్దాం. వాతావరణ శాఖ లెక్కలో వర్షపాతం సగటు కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా సాధారణమే. 20 శాతం నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు. అనంతపురం ఏడాది సగటు దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులో నైరుతి నాలుగు నెలల్లో పడేది సుమారు 338. జూన్‌లో 64, జూలైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబర్‌లో 118 అని పాత సగటు. అరేబియా వైపు నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసేసి మన దాకా వచ్చేసరికి ఖాళీ అవుతాయి. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య వానలకేమో మనం తీరానికి చాలా దూరం. అందుకే రెండు రుతుపవనాలున్నా రెండూ అరకొరే.

ఇప్పుడు ఉదాహరణకు ఒక ఏడాది తీసుకుందాం. జూన్‌లో 90 పడింది, జూలైలో 85, ఆగస్టులో 15, సెప్టెంబర్‌లో 150. మొత్తం 340. సగటుకు రెండు మిల్లీమీటర్లు ఎక్కువే. కాగితం మీద ఇంతకంటే మంచి ఏడాది ఉండదు. కానీ జూలై 30న ఆఖరి గట్టి వాన పడి, మళ్లీ సెప్టెంబర్ 3 దాకా ఆ 15 మిల్లీమీటర్ల చిరుజల్లులు తప్ప ఏమీ లేదనుకోండి. మధ్యలో ముప్పై అయిదు రోజుల వరపు. మీ మండలంలో అచ్చంగా ఇవే అంకెలు ఉండకపోవచ్చు గానీ, మీరు చెప్పిన దిగుబడి, నిండిన చెరువు చూస్తే కథ ఇదే తీరుగా నడిచి ఉంటుంది.

ఆ ముప్పై అయిదు రోజుల్లో చేనులో ఏం జరిగిందో చూద్దాం. అనంతపురం ఎర్ర నేల చాలాచోట్ల అడుగు లోతే. ఆ కింద గరుసు, ఆ కింద బండ. అడుగు మట్టి మొక్కకు అందేలా పట్టుకోగలిగే నీరు సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు. పూత, ఊడల దశలో వేరుశనగకు రోజుకు నాలుగు మిల్లీమీటర్ల పైనే కావాలి. అంటే నిండుగా తడిసిన నేల అయినా వారం రోజులకు ఒట్టిపోతుంది. నిజానికి అందులో సగం ఖర్చయ్యేసరికే మొక్క బెట్టకు వస్తుంది. ఇదే వరపు లోతైన నల్లరేగడిలో వచ్చుంటే, అక్కడ మీటరు లోతు మట్టి 150 మిల్లీమీటర్లకు పైగా దాచుకుంటుంది కాబట్టి పంట నెలకు పైగా తట్టుకునేది. ఒకే మబ్బు కింద, ఒకే వానకు, నేలను బట్టి ఒకరికి కరువు, ఇంకొకరికి పంట. వాతావరణ కరువు, వ్యవసాయ కరువు వేరు వేరు అనడానికి అసలు కారణం ఇది. మొదటిది వానకొలత గిన్నెలో తెలుస్తుంది, రెండోది వేరు దగ్గర తెలుస్తుంది.

నేల ఎంత ముఖ్యమో, తేదీ అంతకంటే ముఖ్యం. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ 25 ప్రాంతంలో, పదును చూసి విత్తారనుకుందాం. జూలై ఆఖరుకు పూత వస్తుంది. ఆగస్టు మొదటి వారం నుంచి ఇరవై దాకా ఊడలు దిగాలి, ఆ తర్వాత సెప్టెంబర్ ఆఖరు దాకా కాయ ఊరాలి. వేరుశనగ పూత పైన పూసి కాయ మట్టిలో కాసే పంట. పువ్వు నుంచి దిగే ఊడ మొన మెత్తటి మట్టిలోకి దూరితేనే కాయ అవుతుంది. ఆగస్టులో వాన లేకపోతే ఎర్ర నేల పైపొర గట్టిపడి పెచ్చులా అవుతుంది. ఊడ దాన్ని తాకి, దూరలేక, మొన ఎండిపోతుంది. చెట్టు చూడటానికి పచ్చగానే ఉంటుంది. అందుకే దారిన జీపులో పోయే అధికారికి చేను బాగానే కనిపిస్తుంది.

మట్టిలోకి దిగిన ఊడలకు ఇంకో చిక్కుంది. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా తెచ్చుకోదు, చుట్టూ ఉన్న మట్టి నుంచి తానే పీల్చుకుంటుంది. మట్టిలో తడి లేకపోతే ఆ పీల్చుకోవడం ఆగిపోతుంది. పైన బుడ్డ తయారవుతుంది గానీ లోపల గింజ ఉండదు. మనం తాలు కాయ అనేది ఇదే. ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని చెప్పేది ఈ కాల్షియం కోసమే. అయితే తడి లేని నేలలో జిప్సం వేసినా బూడిద వేసినా ఒకటే.

ఇక సెప్టెంబర్‌లో వాన పడింది కదా, అది ఏం చేసింది? వేరుశనగ మళ్లీ పూస్తుంది. చేను కళకళలాడుతుంది, ఇంట్లో ఆశ పుడుతుంది. కానీ సెప్టెంబర్ పది తర్వాత పూసిన పువ్వు కాయై గింజ నిండాలంటే నవంబర్ రావాలి. అప్పటికి చెట్టు ఆకు రాలి అయిపోతుంది. అదే వాన ఎక్కువైతే ముందు దిగిన నాలుగు కాయలకూ ముప్పే. కె-6 లాంటి గుత్తి రకాల గింజకు నిద్రావస్థ లేదు, పక్వానికి వచ్చాక తడి తగిలితే మట్టిలోనే మొలకెత్తుతుంది. ఆగస్టులో రావలసిన 80 మిల్లీమీటర్లు సెప్టెంబర్‌లో వస్తే లెక్కలో సరిపోతుంది, చేనులో సరిపోదు. "మఖ పుబ్బ వరుపైతే మహా ఎత్తయిన క్షామం" అని పెద్దవాళ్లు కార్తెల పేర్లు పెట్టి మరీ చెప్పింది ఇందుకే. ఆ రెండూ కలిపితే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. సరిగ్గా కాయ పట్టే కాలం.

చేను బెట్టకు వచ్చిందని ముందే తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మధ్యాహ్నం ఆకులు ముడుచుకుని, సాయంత్రానికి విప్పుకుంటే పర్వాలేదు, ఇంకా రెండు మూడు రోజుల గడువుంది. పొద్దున్నే చూసినా ముడుచుకునే ఉంటే అప్పటికే ఆలస్యమైనట్టు. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో పిసికి చూడండి, ముద్ద కట్టకుండా రాలిపోతే అడుగున ఏమీ లేనట్టే. చేను మధ్యలో నాలుగైదు చెట్లు పీకి, దిగిన ఊడలెన్ని, గాల్లో వేలాడేవెన్ని లెక్కపెడితే దిగుబడి సెప్టెంబర్ మొదట్లోనే తేలిపోతుంది.

మీ జిల్లాలోనే ఇది పెద్ద ఎత్తున జరిగిన ఏడాది 2016. జూన్, జూలైల్లో వానలు బాగా పడ్డాయి, రైతులు ఉత్సాహంగా విత్తారు. ఆగస్టులో వాన మొహం చాటేసింది, సరిగ్గా ఊడల సమయంలో. అప్పుడు ప్రభుత్వం రెయిన్ గన్లు తెచ్చి తడి పెట్టే పని మొదలుపెట్టింది. ఒక్క తడి పంటను కాపాడుతుందన్న మాట నిజమే. చిక్కంతా నీళ్ల లెక్కలో ఉంది. ఎకరాకు ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 80 వేల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పదహారు. మీ నాన్నగారి అయిదెకరాలకు ఎనభై ట్యాంకర్లు. అదీ ఒక్క తడికి, నాలుగైదు రోజులకు సరిపడా. పక్కనే నీళ్లున్న కుంట ఉంటే సరే, లేకపోతే లక్షల ఎకరాలకు ట్యాంకర్లతో తడి పెట్టడం జరిగే పని కాదు. చివరికి ఆ ఖరీఫ్‌కు జిల్లా కరువు జాబితాలోకి ఎక్కక తప్పలేదు. దేశం మొత్తం మీద ఆ ఏడాది నైరుతి వర్షపాతం సగటులో 97 శాతం, అంటే సాధారణమే.

ఎల్‌నినో గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కరువనగానే టీవీల్లో మొదట వినిపించేది ఆ పేరే. పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాల్లో నీళ్లు వేడెక్కినప్పుడు మన రుతుపవనాలు బలహీనపడే అవకాశం పెరుగుతుంది. 2002, 2009, 2015 కరువులకు దానితో సంబంధం ఉంది. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు, అప్పుడూ ఎల్‌నినోయే. కానీ 1997లో బలమైన ఎల్‌నినో వచ్చినా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. 2016 వానాకాలంలో ఎల్‌నినో లేకపోయినా అనంతపురం ఎండింది. దేశం మొత్తానికి వానెంత అన్న అంచనాకు ఎల్‌నినో పనికొస్తుంది. మీ చేను మీద ఆగస్టు రెండో వారంలో వాన పడుతుందా లేదా అన్నది అది చెప్పదు.

ఇక పక్కూరి చెరువు. మెల్లగా, రోజు విడిచి రోజు పది పన్నెండు మిల్లీమీటర్లు పడితే పంటకు అంతకంటే మేలు లేదు, కానీ అంతా నేలే తాగేస్తుంది కాబట్టి చెరువుకు చుక్క రాదు. ఒక్క రాత్రిలో 80 మిల్లీమీటర్లు కొడితే వాలు నేల మీద సగానికి పైగా వాగులో పడుతుంది, చెరువు నిండుతుంది, చేనుకు దక్కేది తక్కువ. అందుకే పంట ఎండిన ఏడాది చెరువు నిండటం, పంట పండిన ఏడాది బోర్లు ఎండటం రెండూ జరుగుతాయి. చెరువులు, బావులు, బోర్లకు వచ్చే కరువును జల సంబంధ కరువు అంటారు. అది మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. వాన తప్పిన ఏడాది కంటే ఆ తర్వాతి వేసవిలోనే దాని దెబ్బ తెలుస్తుంది.

మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఉండేది పైన మెత్తబడిన పొరలో, ఆ కింద రాతి పగుళ్లలో. పై పొర నీళ్లతో పాత రోజుల్లో బావులు నడిచాయి. ఇప్పుడు వెయ్యి అడుగుల దాకా పోయినా మనం వెతికేది పగులునే, అది దొరికితే దొరికినట్టు. మొదట్లో రెండు ఇంచులు పోసిన బోరు ఆర్నెల్లకు గ్యాప్ ఇస్తుంది, అంటే కాసేపు పోసి ఆగి మళ్లీ పోస్తుంది. అప్పుడు రైతు ఇంకో పాయింట్ పెట్టిస్తాడు. వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, బోర్ల మధ్య దూరం పాటించాలి, అనుమతి తీసుకోవాలి అని. ఎండిపోతున్న చీనీ తోట ముందు నిలబడ్డవాడు చట్టం చూడడు, రిగ్గు ఎప్పుడొస్తుందో చూస్తాడు. వేరుశనగ పోతే ఒక పంట పోతుంది. చీనీ చెట్లు పోతే కాపుకు తేవడానికి పెట్టిన ఏళ్లన్నీ పోతాయి. అందుకే తోట ఉన్న రైతు బోరు మీద బోరు వేస్తాడు, ట్యాంకర్లతో పాదులకు పోస్తాడు. నేను చూసినంతలో, మునిగిపోయిన అప్పుల్లో ఎక్కువ భాగం పంట పెట్టుబడివి కావు, ఎండిన బోర్లవి.

ఇంటి మీదికి వచ్చే కరువును పుస్తకాల్లో సామాజిక ఆర్థిక కరువు అంటారు. ధాత కరువు నాడు, అంటే 1876 నుంచి 78 దాకా, రాయలసీమలో జనం తిండి లేక చచ్చారు. ఇప్పుడు రేషన్ బియ్యం ఉంది కాబట్టి ఆ చావు లేదు. ఇప్పుడు కరువు అప్పు రూపంలో వస్తుంది. దానికో వరస ఉంటుంది. ముందు పశుగ్రాసం పోతుంది, ఎందుకంటే కాయ తీశాక మిగిలే వేరుశనగ కట్టె ఎద్దులకు, ఆవులకు ఏడాది మేత. మేత లేనివాళ్లంతా ఒకేసారి సంతకు తోలుకుపోతారు, కొనేవాడు తక్కువ, ధర సగానికి పడుతుంది. తర్వాత బంగారం బ్యాంకుకు పోతుంది. దసరా దాటాక వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు పనులకు పోతారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. ఆడవాళ్ల పేరున సంఘం అప్పు ఉంటే ఆ వాయిదాలు మాత్రం ఆగవు. మళ్లీ జూన్‌లో వాన పడినా ఆ ఇంటికి కరువు పోయినట్టు కాదు. ఎద్దులు లేవు కాబట్టి ట్రాక్టర్ బాడుగ, ఇంట్లో విత్తనం మిగల్లేదు కాబట్టి కొనాలి. వాన కరువు నాలుగు నెలలు, ఇంటి కరువు మూడు నాలుగేళ్లు.

కౌలు రైతుల పరిస్థితి ఇంకా అన్యాయం. చేను ఎండితే నష్టం వాళ్లది, పరిహారం పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి కార్డులు ఇస్తామన్నారు. కానీ దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. చాలామంది చేయరు.

ఇక మీరు అడిగిన అసలు మాట, కాగితం మీద ఇది కరువు కిందకు వస్తుందా అన్నది. కేంద్రం 2016లో మార్చిన కరువు మార్గదర్శకాల్లో మొత్తం వర్షపాతం ఒక్కటే కొలత కాదు. వరపును కూడా చూస్తారు. వరసగా మూడు నాలుగు వారాలు, వారానికి రావలసిన వానలో సగం కూడా పడకపోతే దాన్ని వరపుగా లెక్కిస్తారు. తర్వాత విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాల లెక్కలు తీస్తారు. ఆఖరికి పది శాతం గ్రామాల్లో చేలు చూసి, పంట నష్టం 33 శాతం దాటిందా లేదా రాస్తారు. ఖరీఫ్ కరువు ప్రకటన అక్టోబర్ 30 లోపు రావాలి. కాబట్టి మండలం మొత్తం లెక్క సాధారణం అని ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోలేదు. ఆగస్టు వారాల వారీ లెక్క అడిగి తీసుకోండి, మీ వాదన దాని మీదే నిలబడుతుంది. చిక్కు ఎక్కడంటే, వానకొలత కేంద్రం మీ ఊరికి పది కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు, అక్కడ ఆగస్టులో ఒక జల్లు పడి ఉంటే వరపు కాగితం మీద తెగిపోతుంది.

మీ నాన్నగారి పంట ఈ-క్రాప్‌లో నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో వెంటనే చూడండి, అది లేకపోతే మిగతా ఏదీ ముందుకు కదలదు. ప్రకటన వచ్చినా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కేంద్ర నిబంధన ప్రకారం 2022 నుంచి వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల దాకా. అంటే ఎకరాకు మూడున్నర వేలు కూడా లేదు, రాష్ట్రం తన వంతు కలిపితే కొంచెం పెరుగుతుంది. విత్తనం కాయలే ఎకరాకు 90 కిలోలు కావాలి, సబ్సిడీ పోయినా ఆ ఒక్క ఖర్చే దీనికంటే ఎక్కువవుతుంది. పంటల బీమా వేరే లెక్క, మీ పంటకు ఏ పథకం వర్తించిందో అక్కడే అడగండి.

వచ్చే ఏడు వేరుశనగ మానేయమని నేను చెప్పను. మార్కెట్టు, మేత, అలవాటు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. అయిదెకరాలూ ఒకే తేదీన, ఒకే పంట మాత్రం వేయొద్దు. ఏడు సాళ్లు వేరుశనగకు ఒక సాలు కంది పెట్టండి. కంది వేరు లోతుకు పోతుంది, డిసెంబర్ దాకా ఉంటుంది, కాబట్టి ఆగస్టు వరపు తట్టుకుని సెప్టెంబర్, అక్టోబర్ వానలు వాడుకుంటుంది. ఈసారి మీ చేనులో కంది ఉండి ఉంటే ఆ సెప్టెంబర్ వాన దానికి పనికొచ్చేది. ఒక ఎకరా కొర్రకు వదలండి, మూడు నెలల లోపే చేతికొస్తుంది, మేత కూడా దొరుకుతుంది. జూలై ఆఖరు దాటినా పదును రాకపోతే వేరుశనగ జోలికి పోవద్దు, విత్తనం డబ్బు దండగ. అప్పుడు ఆగస్టు, సెప్టెంబర్‌లో ఉలవ వేసుకోవడమే మేలు. కంది కూడా అన్నిటికీ మందు కాదు. అది పూతకొచ్చే నవంబర్‌లో రోజుల తరబడి ముసురు పట్టిందంటే పూత రాలుతుంది, కాయతొలుచు పురుగు పడుతుంది. అందుకే కందిని ఒంటరిగా అయిదెకరాల్లో వేయమని అనలేదు, సాళ్లుగా వేయమన్నాను.